రెడీమేడ్ పండగ శుభాకాంక్షల్లో మన జ్ఞాపకం ఒక్కటి కలపడం ఎలా?

ప్రశ్న: ప్రతి సంక్రాంతికీ వాట్సాప్‌లో ఎవరో పంపిన బొమ్మనే నేనూ అందరికీ పంపేస్తుంటాను. ఈసారి మా మేనత్తకి మాత్రం అలా పంపబుద్ధి కావడం లేదు. చిన్నప్పుడు పండక్కి వాళ్ళింటికే వెళ్ళేవాళ్ళం. ఆ రోజులది ఏదైనా ఒకటి కలిపి రాద్దామని కూర్చుంటే స్కూలు వ్యాసంలా వస్తోంది. ఎలాంటిది ఎంచుకోవాలి, ఎంత రాయాలి, ఎక్కడ పెట్టాలి?

మూడు వాక్యాలు చాలండి. పండగ రోజుల్లో జరిగిన సంగతి ఒక్కటే తీసుకోండి. అది మీ అత్తయ్యకీ తెలిసిందే అయ్యుండాలి, కానీ అందులో ఆవిడకి తెలియని ముక్క ఒకటి మీ దగ్గర ఉండాలి. ఆ ముక్కే రాయండి. దాన్ని రెడీమేడ్ మాటలకి ముందు పెట్టండి, వెనక వద్దు. రెడీమేడ్ మాటల్ని ఒక్క లైనుకి కుదించండి.

ఇది నాకెలా తెలుసంటే, తణుకులో నాకు డీటీపీ షాపు ఉంది. దానికి ముందు అదే గదిలో ఫ్యాన్సీ షాపు నడిపాను. డిసెంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా గుమ్మం ముందు తాళ్ళు కట్టి గ్రీటింగ్ కార్డులు వేలాడదీసేవాళ్ళం. కార్డు కొనుక్కున్నవాళ్ళు అక్కడే బల్ల మీద పెట్టి, పెన్ను అడిగి తీసుకుని, "ఏం రాయమంటారండీ?" అని నన్నే అడిగేవారు. అలా మొదలైంది. ఇప్పుడు కార్డులు కొనేవాళ్ళు లేరు కానీ, పండగొస్తే ఫోను పట్టుకొచ్చి "దీనికింద రెండు ముక్కలు చెప్పండి" అనేవాళ్ళు ఉన్నారు. నేనేం రచయితని కాను. ఒకే పని చాలాసార్లు చేశానంతే.

వ్యాసంలా ఎందుకొస్తోందంటే

మీ ప్రశ్నలోనే ఉంది జవాబు. "వెళ్ళేవాళ్ళం" అన్నారు. మా షాపుకొచ్చి రాసుకునేవాళ్ళలో చాలామంది ఇక్కడే పడతారు. వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం, ఆడుకునేవాళ్ళం, ముగ్గులు పెట్టేవాళ్ళం. "ఏవాళ్ళం" అని రాయగానే పదేళ్ళ సంక్రాంతులు ఒక్కటైపోతాయి. ఏ రోజూ విడిగా కనబడదు. చదివే ఆవిడకి కళ్ళ ముందు ఏ బొమ్మా కట్టదు. పైగా అరిసెలు తినడం, ముగ్గులు పెట్టడం, హరిదాసు రావడం అందరిళ్ళలోనూ జరిగినవే. ఆ పేర్లన్నీ రెడీమేడ్ బొమ్మ మీద ముందే అచ్చేసి ఉంటాయి. మీరు మళ్ళీ అవే రాస్తే రెండో రెడీమేడ్ తయారవుతుంది.

కాబట్టి మొదటి పని ఇది. మీరు రాసుకున్నదాంట్లో "ఏవాళ్ళం", "ఏదానివి" ఉన్న వాక్యాలన్నీ కొట్టేయండి. "వెళ్ళాం", "అన్నావు", "పడిపోయింది", "దాచేశాను" అని ముగిసే వాక్యం ఒక్కటి రాయడానికి చూడండి. క్రియ మారితే చాలు, మీ మనసు దానంతటదే ఒక రోజుని వెతుక్కుంటుంది. "అత్తయ్య ముగ్గు పెట్టేది" అన్నప్పుడు గుర్తురానిది, "అత్తయ్య ముగ్గు చెరిపేసింది" అని రాయబోతే ఎప్పుడు, ఎందుకు చెరిపేసిందో గుర్తొచ్చి కూర్చుంటుంది.

అయినా ఏదీ తట్టకపోతే నేను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆ ఇంట్లో పండగ పూట ఏది పాడైంది?" బాగా జరిగినవన్నీ ఒకేలా ఉంటాయి, కలగాపులగం అయిపోతాయి. పాడైంది మాత్రం విడిగా గుర్తుంటుంది. భోగిమంటలో పొరపాటున పడేసిన మంచి కుర్చీ, వానకి కొట్టుకుపోయిన ముగ్గు, భోగిపళ్ళ రేగుపళ్ళతో పాటు దొర్లిపోయి ఎంత వెతికినా దొరకని అర్ధరూపాయి, ఇలాంటివి.

ఒకరి కార్డు మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారైందో చెప్తాను

కొన్నేళ్ళ క్రితం జనవరి మొదటి వారంలో ఒకబ్బాయి వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం. పెనుగొండ వైపు పల్లెటూళ్ళో ఉన్న పిన్నికి కార్డు ప్రింటు చేయించుకోవాలి. ఇంటర్నెట్‌లోంచి ఒక బొమ్మ తెచ్చుకున్నాడు. దాని మీద మాటలు ఇలా ఉన్నాయి:

"భోగి మంటల వెచ్చదనం, సంక్రాంతి సిరుల నిండుదనం, కనుమ పాడిపంటల కమ్మదనం మీ జీవితంలో వెల్లివిరియాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ మీకు, మీ కుటుంబ సభ్యులకు సంక్రాంతి శుభాకాంక్షలు."

దాని కింద వెయ్యమని ఒక కాగితం ఇచ్చాడు:

"ప్రియమైన పిన్నికి, చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకి మీ ఇంటికి వచ్చేవాళ్ళం. మీరు చేసిన అరిసెలు, జంతికలు, సున్నుండలు కడుపునిండా తినేవాళ్ళం. ఆ మధుర జ్ఞాపకాలు ఎన్నటికీ మరువలేనివి."

ఇది ఏ పిన్నికైనా పంపొచ్చు. పిన్ని తీసేసి పెద్దమ్మ అని రాసినా అతుకుతుంది. నేనెప్పుడూ చూసుకునే పరీక్ష ఇదే: పిలుపు మార్చి ఇంకొకరికి పంపగలిగితే అది ఇంకా జ్ఞాపకం కాలేదన్నమాట.

"ఏది పాడైంది?" అని అడిగాను. వెంటనే నవ్వాడు. "ఒక ఏడాది అరిసెలు పాడైపోయాయండీ, రాళ్ళలా వచ్చాయి" అన్నాడు. అప్పుడు అతను ఆరో తరగతి.

అరిసెల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, విదేశాల్లో చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నానబెట్టిన బియ్యాన్ని వడేసి, తడి ఆరకుండానే పిండి కొట్టి జల్లిస్తారు. అవతల బెల్లం పాకం పెడతారు. ఆ పాకాన్ని చుక్క తీసి నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండలా చేతికి రావాలి. ఆ క్షణంలోనే దించి పిండి కలపాలి. తొందరపడి లేతపాకంలో కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. కాస్త ఆలస్యమై పాకం ముదిరితే గట్టిపడిపోతుంది. అందుకే పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు ఎవరూ పక్కకి కదలరు.

ఆ రోజు జరిగింది ఇది. పాకం పొయ్యి మీద ఉండగా వాకిట్లోకి గంగిరెద్దులవాడు వచ్చాడు. పిన్ని చేటలో బియ్యం తీసుకుని వెళ్తూ, "పాకం చూస్తూ ఉండరా, దగ్గరపడుతుంటే కేకెయ్యి" అని వీణ్ణి కూర్చోబెట్టింది. తిరిగొచ్చేసరికి పాకం ముదిరిపోయింది. పారబొయ్యడానికి మనసొప్పక అందులోనే పిండి కలిపింది. అరిసెలు రాళ్ళయ్యాయి. ఆ రోజే వాళ్ళ అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ఇక చూసుకోండి.

"బాగుంది, ఇదే రాద్దాం" అన్నాను. కానీ ఇంతవరకూ ఉన్నది పిన్నికి తెలిసిందే. ఆవిడకి తెలిసిన కథ ఆవిడకే చెప్తే "అవును, అయ్యింది" అనుకుంటుంది, అంతే. అందుకని ఇంకో ప్రశ్న అడిగాను. "ఇందులో ఆవిడకి తెలియంది ఏమైనా ఉందా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను పొయ్యి దగ్గర లేనండీ" అన్నాడు. ఆవిడ అలా వెళ్ళగానే వీడు పెరట్లోకి పోయి గోడెక్కాడు, గంగిరెద్దు తలాడించడం చూడ్డానికి. ఆవిడ వచ్చేలోపు మళ్ళీ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. "ఇక్కడే ఉన్నాను పిన్నీ, ఒక్కసారిగా గట్టిపడిపోయింది" అని చెప్పాడు. ఆవిడ నమ్మింది. బెల్లం మంచిది కాదని తేల్చుకుంది. ఆ తర్వాత ఆ కొట్టులో బెల్లం కొనడం మానేసిందట.

చివరికి కార్డు మీద వేసింది ఇదీ:

"పిన్నీ, ఆ ఏడాది అరిసెలు రాళ్ళయింది బెల్లం వల్ల కాదు. పాకం చూస్తూ ఉండమని నన్ను కూర్చోబెట్టి నువ్వు వాకిట్లోకి వెళ్ళావు కదా, నేను పెరటి గోడెక్కి గంగిరెద్దుని చూస్తూ ఉండిపోయాను. ఈసారి నాకు రెండు దాచి ఉంచు, గట్టివైనా సరే.

మీ ఇంటిల్లిపాదికీ సంక్రాంతి శుభాకాంక్షలు."

కార్డు అందిన రోజు ఆవిడ ఫోన్ చేసి మొట్టమొదట అన్న మాట, "ఆ కొట్టువాణ్ణి ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను కదరా!" ఇది ఆ అబ్బాయే తర్వాతి పండక్కి వచ్చినప్పుడు చెప్పాడు.

ఇందులో ఏమేం తీసేశామో కూడా చెప్తాను, ఎందుకంటే పనంతా అక్కడే ఉంది. అత్తగారు వచ్చిన సంగతి తీసేశాం. అది పిన్నికి నొప్పి, పైగా కార్డు ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్తుంది. అతని తమ్ముడు కూడా ఉన్నాడట, తీసేశాం. ఇద్దరి మధ్య సంగతిలోకి మూడో మనిషి వస్తే ఊరి కబురైపోతుంది. "మధుర", "మరువలేని", "ఆ రోజులే వేరు" తీసేశాం. అవి రాయకుండానే తెలియాలి. చివరి వాక్యం మాత్రం కొత్తగా చేర్చాం. పాత సంగతి దగ్గరే ఆగిపోతే చదివినవాళ్ళు నిట్టూర్చి ఊరుకుంటారు. దాన్ని ఈ పండక్కి తగిలించే చిన్న మాట ఒకటి ఉంటే, ఆవిడకి తిరిగి మాట్లాడటానికి దారి దొరుకుతుంది.

తెలియని ముక్క లేకపోతే?

ప్రతివాళ్ళకీ గోడెక్కిన కథ ఉండదు. అప్పుడు ఆ సంగతి తర్వాత మీ దగ్గర ఏం మిగిలిందో చూడండి. అది కూడా అవతలివాళ్ళకి తెలియని ముక్కే. ఒకావిడ తన పెద్దమ్మకి ఇలా రాయించుకుంది: "పెద్దమ్మా, చుక్కలు తప్పాయని నా చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి పెట్టించావు, ఆ పదకొండు చుక్కల ముగ్గు. ఇక్కడ అపార్ట్‌మెంటులో గుమ్మం ముందు చోటు లేదు, అయినా భోగి రోజున ట్రే మీద అదే పెడుతున్నాను." పెద్దమ్మకి చెయ్యి పట్టుకోవడం గుర్తుండొచ్చు, ఉండకపోవచ్చు. ట్రే సంగతి మాత్రం తెలియదు.

ఇక్కడే ఇంకో మాట. "గుర్తుందా?" అని మొదలుపెట్టకండి. మనకి అది ప్రేమగా అడిగినట్టే ఉంటుంది. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకి మాత్రం పరీక్ష పెట్టినట్టుంటుంది. గుర్తు లేకపోతే పాపం బాధపడతారు, లేదా గుర్తున్నట్టు నటిస్తారు. జరిగింది జరిగినట్టు చెప్పెయ్యండి. గుర్తుంటే సంతోషం, లేకపోతే మీరు కొత్తగా చెప్పినట్టవుతుంది.

ముందు ఎందుకు పెట్టాలి

రెడీమేడ్ మాటలు మొదట కనబడితే చదివేవాళ్ళ కన్ను అక్కడే ఆగిపోతుంది. పండగనాడు ఆవిడ ఫోన్లో అలాంటివి యాభై ఉంటాయి. "ఓహో, శుభాకాంక్షలు" అనుకుని వేలు కిందికి జరుపుతుంది. మీరు కింద రాసింది అలాగే ఉండిపోతుంది. మొదటి మాటే "అత్తయ్యా, ఆ రోజు..." అని ఉంటే ఆగుతుంది.

రెండు రకాల తెలుగుని అతకడానికి ప్రయత్నించకండి. రెడీమేడ్ మాటలు "వెల్లివిరియాలని", "ఆకాంక్షిస్తూ" అని ఉంటాయి. మీ జ్ఞాపకం మీరు మాట్లాడే తెలుగులో ఉంటుంది. ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపితే పట్టుచీర మీద తువ్వాలు కప్పుకున్నట్టుంటుంది. మధ్యలో ఒక లైను ఖాళీ వదిలెయ్యండి. ముందు మీ మాట, ఖాళీ, తర్వాత శుభాకాంక్షలు.

పైన కార్డులో "మీకు, మీ కుటుంబ సభ్యులకు" తీసేసి "మీ ఇంటిల్లిపాదికీ" అని మార్చడం గమనించారా? పిన్నిని "నువ్వు" అంటూ రాసి, వెంటనే "మీకు" అంటే ఎవరో పరాయివాళ్ళు మధ్యలో దూరినట్టుంటుంది. "మీ ఇంటిల్లిపాదికీ" అంటే ఆ "మీ" ఇంటి మొత్తానిది, కాబట్టి ఇబ్బంది లేదు. మీరు మీ అత్తయ్యని నోటితో "నువ్వు" అంటారా "మీరు" అంటారా నాకు తెలియదు. ఏదంటే అదే రాయండి. కాగితం చూడగానే చాలామంది గౌరవం కోసమని "మీరు"లోకి వెళ్ళిపోతారు. మేనకోడలు హఠాత్తుగా "మీరు" అంటే ఆవిడకి గౌరవం కాదు, అలకలా అనిపిస్తుంది.

యాస విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. కరీంనగర్ వైపు నుంచి ఉద్యోగం మీద మా ఊరొచ్చిన ఒకాయన దసరాకి వాళ్ళ నాన్న స్నేహితుడికి రాయించుకున్నాడు. అక్కడ దసరా సాయంత్రం జమ్మి ఆకుని బంగారమని చెప్పి పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకుంటారు కదా. ఆయన చెప్పింది: "కాకా, ఆ దసరా నాడు నీ చేతుల పెట్టింది జమ్మి గాదు, చింతాకు. జమ్మి నాకు దొరకలే." ఎంత ముద్దుగా ఉందో చూడండి. నేను బుద్ధి లేక దాన్ని "ఆ దసరా రోజున మీ చేతిలో ఉంచినది జమ్మి కాదు" అని దిద్దాను. ఆయన చదివి, "ఇది నేను గాదు సార్, ఎవరో పంతులు రాసిండు" అన్నాడు. మళ్ళీ ఆయన మాటే పెట్టాను. అప్పటి నుంచి ఎవరి మాటనీ దిద్దలేదు, అక్షరదోషాలు తప్ప.

ఎక్కడ బెడిసికొడుతుంది

మీరు చేసిన సాయం రాయకండి. ఇది నా సొంత అనుభవం. కాలేజీలో ఒక సంక్రాంతికి మా స్నేహితుడి దగ్గర ఊరెళ్ళడానికి బస్సు డబ్బులు లేకపోతే, నేను నా పుస్తకాలు సెకండ్ హ్యాండ్ షాపులో ఇచ్చేసి టికెట్ కొనిచ్చాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక పండక్కి అదే సంగతి, ఎంతో ప్రేమగా అనుకుంటూ, కార్డు మీద రాసి పంపాను. వాడు జవాబు ఇవ్వలేదు. తర్వాత కలిసినప్పుడు జేబులోంచి డబ్బులు తీసి, "ఆ టికెట్‌వి, వడ్డీ నువ్వే వేసుకో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నవ్వు కాదది. నా వైపు నుంచి అది జ్ఞాపకం, వాడి వైపు నుంచి దెప్పు. అదే సంగతిలో వాడు నాకు చేసింది ఉంది. ఊరి నుంచి వస్తూ వాళ్ళమ్మ చేసిన జంతికల డబ్బా మొత్తం నా మంచం మీద పెట్టాడు. అది రాయాల్సింది. లెక్క ఎప్పుడూ మనం బాకీ ఉన్నట్టు ఉండాలి.

చదివేది ఎవరెవరో ముందే ఆలోచించండి. కుటుంబం గ్రూపులో పెడితే నలభై మంది చూస్తారు, కొత్త కోడళ్ళూ అల్లుళ్ళూ ఉంటారు. గోడెక్కిన సంగతి అక్కడ కామెడీ అయిపోతుంది, పిన్నికి తగలాల్సింది తగలదు. ఆవిడకి విడిగానే పంపండి. గ్రూపులో మామూలు బొమ్మ ఒకటి పడెయ్యండి.

తప్పు జ్ఞాపకం ఇంకో ప్రమాదం. చిన్నప్పటివి మనవి అనుకుంటాం గానీ, అన్నయ్యకి జరిగింది మనకి జరిగినట్టు గుర్తుండిపోతుంది. ఒకాయన బాబాయికి రాయించుకున్నాక తెలిసింది, చెరువుగట్టు మీద నుంచి పడ్డది ఈయన కాదు, వాళ్ళ తమ్ముడు. మీ ఇంట్లో అమ్మో నాన్నో ఉంటే, ఎందుకో చెప్పకుండా ఊరికే కబుర్లలో ఆ సంగతి కదిపి చూడండి. ఏ ఊళ్ళో, ఎవరెవరున్నారు అన్నంతవరకూ సరిచూసుకుంటే చాలు. ఏ సంవత్సరమో తేలకపోతే "ఆ ఏడాది" అని వదిలెయ్యండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఆ ఏడాదిలో ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే వాళ్ళు పండగ చేసుకోరు. అలాంటి ఇంటికి ముగ్గుల బొమ్మతో శుభాకాంక్షలు వెళ్తే ఎంత బాగా రాసినా గుచ్చుకుంటుంది. నా షాపులోనే ఒకావిడ పాత లిస్టు చూసి కార్డులు పోస్టు చేసేసింది. అందులో ఒకటి భర్త పోయి ఆరు నెలలు కాని అక్కకి వెళ్ళింది. అలాంటప్పుడు బొమ్మ వద్దు, శుభాకాంక్షలు వద్దు. పోయిన మనిషి గురించిన ఒక్క సంగతి, మీకు మాత్రమే తెలిసిన ముక్కతో, రెండు వాక్యాలు రాయండి. కింద "ఈ రోజుల్లో బావగారే గుర్తొస్తున్నారు అక్కా" అంటే సరిపోతుంది. పండగ పేరు కూడా ఎత్తక్కర్లేదు.

ఫోనులో పంపేటప్పుడు

వచ్చిన బొమ్మని అలాగే ముందుకి తోస్తే దాని మీద ఫార్వార్డ్ అని గుర్తు పడుతుంది. బాగా చేతులు మారినదైతే జంట బాణాలు కూడా పడతాయి. ఆ గుర్తు చూశాక మీ మూడు వాక్యాలు కూడా ఎక్కడో కాపీ కొట్టారేమో అనిపిస్తుంది. బొమ్మని ఫోన్లో సేవ్ చేసుకుని, గ్యాలరీలోంచి కొత్తగా పంపండి, గుర్తు రాదు. పంపే ముందు బొమ్మ మూలలు చూడండి. ఏ నగల కొట్టు పేరో, ఏ నాయకుడి ఫొటోనో, ఎవరి సెల్ నంబరో ఉంటుంది. కత్తిరించెయ్యండి. వీలైతే మీ సంగతికి దగ్గరగా ఉన్న బొమ్మ వెతకండి. ముగ్గు గురించి రాస్తూ కోడిపందెం బొమ్మ పెడితే రెండూ చెడతాయి.

మీ మాటల్ని బొమ్మ కింద క్యాప్షన్‌గా పెట్టొద్దని నా సలహా. పొడుగైతే ఫోను దాన్ని సగంలో మడిచేస్తుంది. విడి మెసేజీగా ముందు పంపండి, దాని వెనక బొమ్మ. తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో "athayya aa roju" అని రాస్తే పెద్దవాళ్ళు కూడబలుక్కుని చదివేలోపు రుచి పోతుంది. టైపు చెయ్యడం రాకపోతే ఫోన్లో మాట్లాడి రాయించుకోండి, కానీ పంపే ముందు ఒకసారి చదువుకోండి. మా షాపులో ఒకాయనకి "అరిసెలు" కాస్తా "అరిచేలు" అయింది.

మీ అత్తయ్యకి చూపు ఆనకపోతే రాయడమే మానేసి, అవే మూడు వాక్యాలు వాయిస్ మెసేజీగా చెప్పండి. అక్కడా మూడే. మైకు నొక్కగానే "హలో అత్తయ్యా బాగున్నావా, మావయ్య ఎలా ఉన్నాడు, ఆరోగ్యం ఎలా ఉంది" అంటూ మొదలెడితే అసలు సంగతి వచ్చేసరికి నిమిషం దాటిపోతుంది. నేరుగా సంగతిలోకి వెళ్ళండి.

మూడు వాక్యాలే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఎస్‌ఎమ్‌ఎస్ రోజుల్లో తెలుగులో రాస్తే ఒక మెసేజీకి 70 అక్షరాలే పట్టేవి. అప్పుడు జనం రాసినవి ఇప్పటివాటికన్నా బాగుండేవి. చోటు లేక "మధుర జ్ఞాపకాలు" రాసేవారు కాదు.

కాగితం కార్డే పంపాలనుకుంటే నున్నటి ఆర్ట్ కార్డు మీద జెల్ పెన్ను వాడకండి, ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మామూలు బాల్ పెన్ను మంచిది. చాలా కార్డుల్లో లోపల ఎడమవైపు పేజీ ఖాళీగానే ఉంటుంది, అక్కడ రాయండి.

ఎంతమందికి ఇలా చెయ్యొచ్చని తర్వాత మీకు అనుమానం రావచ్చు. ఒక పండక్కి నలుగురైదుగురికి మించి నాకెప్పుడూ కుదరలేదు. ఒక బియ్యం వ్యాపారి తన ఖాతాదార్లు రెండొందల మందికీ "ఒక్కో జ్ఞాపకం" వేసి పెట్టమన్నాడు. కుదరదని చెప్పి పేర్లు మాత్రం విడివిడిగా వేసిచ్చాను. అలాంటివాళ్ళకి రెడీమేడ్ బొమ్మే మర్యాద. ఒకసారి వాడిన సంగతిని మరుసటి ఏడాది అదే మనిషికి మళ్ళీ పంపొద్దు. నేనైతే ఎవరికి ఏం రాశానో పాత డైరీలో ఒక లైను రాసిపెట్టుకుంటాను.

ఇక మీ సంగతి. ఈ రాత్రి పది నిమిషాలు కూర్చుని అత్తయ్య వాళ్ళిల్లు గుమ్మం నుంచి పెరటిదాకా మనసులో ఒకసారి నడవండి. పొయ్యి ఎక్కడుంది, మీరు ఎక్కడ పడుకున్నారు, స్నానానికి నీళ్ళు ఎవరు తోడారు. నడుస్తుంటే ఏదో ఒకచోట కాలు ఆగుతుంది. అక్కడ ఏది పాడైందో, ఆవిడకి చెప్పకుండా దాచింది ఏమిటో చూసుకోండి. రాసింది భోగి పొద్దున్న పంపకండి, అప్పుడు ఆవిడ మంట దగ్గరో స్నానాల హడావిడిలోనో ఉంటుంది, ఫోను బొమ్మలతో నిండిపోయి ఉంటుంది. భోగికి రెండు రోజుల ముందు, పిండివంటలయ్యాక నడుం వాల్చే మధ్యాహ్నం వేళ పంపండి. రాసింది ఇక్కడ పెడితే చూసి చెప్తాను. అత్తయ్య పేరు, ఊరి పేరు మాత్రం తీసేసి పెట్టండి.